గురు గురు వారం

మా బడి కొండ వాలులో ఉంటుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు, పక్కనే ఉన్న అంగన్‌వాడీ పిల్లలు కలిపితే ఇరవై ముగ్గురు. చెప్పేవాళ్ళం ముగ్గురం. ఒకరు తెలుగు చదువుకుని వచ్చిన మేష్టారు, మిగతా ఇద్దరం ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాళ్ళం. ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్నవాళ్ళం. ఈ పాట మేము ముగ్గురం కలిసి కట్టాం. మొదట తప్పుగా కట్టి, తర్వాత విప్పి మళ్ళీ కట్టాం. ఆ విప్పిన సంగతే ఎక్కువగా చెప్పాలని రాస్తున్నాం. కట్టిన పాట ఎవరి దగ్గరైనా దొరుకుతుంది, ఎక్కడ ముడి జారిందో మాత్రం కట్టినవాళ్ళకే తెలుస్తుంది.

ఇదంతా బట్టల కొలతలతో మొదలైంది. యూనిఫాం కొలతలు తీసుకునే మనిషి బుధవారం వస్తాడని కబురొచ్చింది. ఆ వారంలో రెండు రోజులు సెలవు. “బుధవారం అందరూ తప్పకుండా రండి” అని పిల్లలకు తెలుగులో చెప్పి పంపాం. బుధవారం తొమ్మిది మందే వచ్చారు. మిగతా పద్నాలుగు మంది లక్ష్మివారం పొద్దున్నే శుభ్రంగా తల దువ్వుకుని వచ్చి నిలబడ్డారు. కొలతల మనిషి అప్పటికే కొండ దిగిపోయాడు. ఆ ఏడాది పద్నాలుగు మందికి కొలత లేకుండానే బట్టలొచ్చాయి. రెండో తరగతి పాప ఒకతె మోకాళ్ళ కింద దాకా వేలాడే గౌను వేసుకుని నవ్వుతూ తిరిగేది. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఒక పిల్లవాడి తండ్రిని అడిగితే తేలిగ్గా తేల్చేశాడు. “మీరు సంతకి రెండ్రోజుల ముందు అని చెప్పుంటే పంపేవాణ్ణి కదా బాబూ. బుధవారం అని మావాడు ఇంటికొచ్చి చెప్పలేదు, ‘వారం’ రమ్మన్నారు అన్నాడు.”

ఆ మాట దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. తెలుగులో ‘వారం’ అంటే ఏడు రోజుల మొత్తం. ఆ ఏడింటిలో ప్రతి రోజు పేరు చివరా అదే ‘వారం’. పెద్దవాళ్ళం అలవాటుపడి పట్టించుకోం. కొత్తగా వినే పిల్లకు ఏడు పేర్లూ ఒకే తోకతో వినిపిస్తాయి, చెవిలో మిగిలేది ఆ తోకే. మా ఒరియాలోనూ సోంబార్, మంగళ్‌బార్, బుద్‌బార్ అని తోక ఉంది. కానీ ఇంట్లో పిల్లలు రోజును పేరుతో గుర్తుపట్టరు, సంతతో గుర్తుపడతారు. ఏ రోజు ఏ ఊళ్ళో సంతో అయిదేళ్ళ పిల్లలకు కూడా కొంత తెలుసు. మా సంత శుక్రవారం. అమ్మ పసుపు, చింతపండు గంపకెత్తే రోజు, నాన్న ఉప్పు, ఎండుచేపలు తెచ్చే రోజు. అంటే వారం వాళ్ళకు తెలియక కాదు. వాళ్ళ దగ్గరున్న వారానికి మా తెలుగు పేర్లు అతుక్కోలేదు, అంతే.

మొదటి పాట మేష్టారు ఒక రాత్రి కూర్చుని రాశారు. ఒక్కో రోజుకు ఒక్కో పని, రోజు పేరులోని మొదటి అక్షరంతోనే పని పేరు కూడా మొదలయ్యేలా. సోమవారం సబ్బు, మంగళవారం మొక్క, అలా. పిల్లలకు ఎంత నచ్చిందంటే, రెండు రోజుల్లో పాటంతా వచ్చేసింది. సబ్బు రుద్దుకోవడం, మొక్క నాటడం, అన్నీ చేతులతో చేసి చూపించేవారు. మేమూ సంబరపడ్డాం. పది రోజుల తర్వాత “ఇవాళ ఏ వారం?” అని అడిగితే ఒకడు లేచి మొక్క నాటి చూపించాడు. రోజు పేరు నోటికి రాలేదు. ఆటే గుర్తుంది, పేరు దాని వెనక దాక్కుంది. పైగా ఆ పనులేవీ ఆ రోజున నిజంగా జరిగేవి కావు. సోమవారమే సబ్బు రుద్దుకునే ఇల్లు మా ఊళ్ళో ఒక్కటీ లేదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజును పాటలో పెడదామని మాలో ఒకరన్నారు. అది పిల్లలకు నిజంగా గుర్తుండే రోజే. అయితే భోజన పట్టిక మారితే పాట అబద్ధమవుతుంది, కాబట్టి వద్దనుకున్నాం.

రెండోసారి కూర్చున్నప్పుడు ముందు మాటలు రాయలేదు. ఏడు పేర్లు నేల మీద సుద్దముక్కతో రాసి, చప్పట్లు కొడుతూ ఒక్కోటి పలికి చూశాం. అసలు చిక్కు అక్కడ దొరికింది. పొట్టి అక్షరానికి ఒక చిటిక, దీర్ఘానికి, సున్నాకి, ఒత్తు ముందు వచ్చే అక్షరానికి రెండు చిటికలు. ఛందస్సు పాఠంలో చెప్పే లెక్కే ఇది, పిల్లల పాటకూ ఇదే పనికొస్తుంది. ‘వారం’ ఎప్పుడూ నాలుగు చిటికలు. దాని ముందున్న ముక్కలే సమానంగా లేవు. ‘మంగళ’ నాలుగు. ‘సోమ’, ‘శుక్ర’, ‘ఆది’ మూడేసి. ‘బుధ’, ‘గురు’, ‘శని’ రెండేసి. పిల్లలు వరసగా పాడేటప్పుడు ఎప్పుడూ మింగేసే పేర్లు ఏవో గుర్తు తెచ్చుకున్నాం. బుధ, గురు. ఒక్కోసారి శని. రెండు చిటికల పేర్లు చప్పట్ల మధ్య జారిపోతున్నాయి. మేము ఇన్నాళ్ళూ పిల్లల మతిమరుపు అనుకున్నది తాళంలోని ఖాళీ.

మందు సులువుగానే దొరికింది. ప్రతి పేరుకూ రెండు చప్పట్లు, చప్పట్కు నాలుగు చిటికలు. రెండో చప్పట్లో ఎప్పుడూ ‘వారం’ పడాలి. మొదటి చప్పట్లో ‘మంగళ’ అలాగే సరిపోతుంది. మూడు చిటికల వాటిని చివర సాగదీస్తే చాలు, సోమా వారం, శుక్రా వారం, ఆదీ వారం. రెండు చిటికల వాటిని రెండుసార్లు అనాలి, బుధ బుధ వారం, గురు గురు వారం, శని శని వారం. అలా పాడిన మొదటి రోజే పిల్లలు ఆ మూడింటి దగ్గర నవ్వారు. ఎప్పుడూ జారిపోయే పేర్లే ఇప్పుడు అందరికంటే గట్టిగా వినిపిస్తున్నాయి.

పక్క సగం కూడా రెండు చప్పట్లే, అంటే ఎనిమిది చిటికలు. అందులో ఏం పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. ఈసారి ఆ రోజున మా ఊళ్ళో నిజంగా జరిగేదే పెట్టాలనుకున్నాం. ప్రతి రోజుకూ ఏదో ఒకటి జరగాలన్న పట్టుదల కూడా వదిలేశాం. పాట ఇలా నిలిచింది:

సోమా వారం – బడి తెరిచారూ
మంగళ వారం – మళ్ళీ బడికే
బుధ బుధ వారం – సూదుల రోజూ
గురు గురు వారం – సంచులు తీద్దాం
శుక్రా వారం – సంతకు పోదాం
శని శని వారం – తెచ్చిందేదీ?
ఆదీ వారం – బడికే సెలవూ

బుధవారం మా దగ్గర నర్సమ్మ టీకాలకు వచ్చే రోజు. పిల్లలు భయపడతారేమో అని సందేహించాం. ఆ వరస దగ్గర అందరూ భుజం పట్టుకుని “అమ్మో” అంటారు, అదే వాళ్ళకు ఇష్టమైన చోటు అయింది. శనివారం దగ్గర పాట ఒక చప్పట్ల వరస పాటు ఆగుతుంది. ఆ రోజు వంతు వచ్చిన పిల్ల నిన్న సంత నుంచి ఇంటికి ఏం వచ్చిందో ఒక్క మాటలో చెప్పాలి. “ఉప్పు.” “చెప్పులు.” ఒకసారి ఒకడు “మామయ్య” అన్నాడు. నిజంగానే సంత నుంచి మేనమామ వాళ్ళింటికి వచ్చాడు.

రాగం కోసం సినిమా పాట జోలికి పోలేదు. అది పెడితే పిల్లలకు అసలు పాట మాటలే గుర్తొస్తాయి. థింసా అడుగు అందరికీ కాళ్ళలోనే ఉంది కాబట్టి ఆ నడకనే కొంచెం నెమ్మది చేసి తీసుకున్నాం. సెకనుకు ఒక చప్పట్ అనుకుంటే వరసకు నాలుగు, ఏడు వరసలకు ఇరవై ఎనిమిది. ఒక చుట్టు దాదాపు అర నిమిషంలో అయిపోతుంది. ఇంతకంటే వేగం పెంచితే ‘వారం’ నలిగిపోయి మళ్ళీ పాత జబ్బే వస్తుంది.

మొదట్లో చివర “ఏడూ అయ్యాయ్” అని ఒక ముగింపు వరస కూడా ఉండేది. చప్పట్లు కొట్టి అందరూ కింద కూర్చునేవారు. అది తీసేశాం. ఎందుకంటే ఆదివారం తర్వాత ఏం వస్తుందని అడిగితే “అయిపోయింది మేష్టారూ” అన్నారు. వారానికి చివర అంటూ లేదు. ఇప్పుడు ‘బడికే సెలవూ’ అన్న ఊపులోనే ‘సోమా వారం’ వచ్చి తగులుతుంది.

నిలబడే తీరు కూడా అందుకే మార్చాం. వరసలో నిలబెడితే సోమవారం ఒక కొసన, ఆదివారం ఇంకో కొసన ఉంటాయి. బడి ముందు నేల మీద ఏడు చదునైన రాళ్ళు గుండ్రంగా పేర్చాం, రాయికీ రాయికీ మధ్య ఒక పిల్ల అడుగు దూరం. ఏడుగురు రాళ్ళ మీద, మిగతావాళ్ళు బయట ఇంకో చుట్టుగా ఉంటారు. అందరి ముఖాలూ నడిచే వైపే. ఒక్కో వరసకు ఒక్కో రాయి ముందుకు. సంత రాయికి మాత్రం పసుపు పూశాం. మేకలు వచ్చి రెండుసార్లు రాళ్ళు చెదరగొట్టాయి. పిల్లలే మళ్ళీ పేర్చారు. పేర్చేటప్పుడు శుక్రవారం పక్కన శనివారం ఎటు ఉండాలో వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకున్నారు. మేము దూరంగా నిలబడి విన్నాం. పాట నేర్పిన దానికంటే ఆ పోట్లాటలో ఎక్కువ నేర్చుకున్నారు.

అయినా ఇంకో తప్పు మిగిలే ఉంది. పాట అందరికీ వచ్చింది, రాళ్ళ మీద అడుగులు తప్పడం లేదు. ఒకరోజు ఒక పాపను పక్కకు పిలిచి “గురువారం తర్వాత ఏది తల్లీ?” అని అడిగాం. ఆమె పెదాలు కదిపింది, గొంతు బయటికి రాలేదు. జాగ్రత్తగా చూస్తే సోమవారం నుంచి లోపల పాడుకుంటోంది. గురువారం దాకా వచ్చి, శుక్రవారం దగ్గర ఆగి, అప్పుడు జవాబు చెప్పింది. జవాబు సరైనదే. కానీ ఆమెకు వచ్చింది వారం కాదు, పాట. ఎప్పుడూ సోమవారంతోనే మొదలుపెట్టి నేర్పాం కాబట్టి అక్కడి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దారి తెలియదు. మీ బడిలో ఇలాంటి పాట ఏది ఉన్నా, పిల్లల పెదాలు చూడండి. వెంటనే జవాబు వస్తోందా, మొదటి నుంచి పాడుకుని వస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది.

అప్పటి నుంచి పాట మొదలయ్యే చోటు మారుస్తున్నాం. ఇవాళ ఏ రోజో ఆ రాయి మీద పొద్దున్నే ఒక అడ్డాకు పెట్టి, దాని మీద చిన్న గులకరాయి ఉంచుతాం. ఆకు ఉన్న రాయి దగ్గరే పాట మొదలవుతుంది. బుధవారమైతే ‘బుధ బుధ వారం’తో మొదలై మంగళవారంతో చుట్టు పూర్తవుతుంది. మొదటి రెండు మూడు రోజులు గొంతులు తడబడ్డాయి. కొందరు బలవంతంగా సోమవారానికే లాగారు. మూడో వారానికి సర్దుకున్నారు.

నిన్న, రేపు కూడా ఆకుతోనే నేర్పాం. ఒరియాలో ‘కాలి’ అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు. గడిచిన కాలి, రాబోయే కాలి అని విడదీసి చెప్పాల్సి వస్తే చెబుతారు, మాట మాత్రం ఒక్కటే. అందుకే మా పిల్లలు తెలుగులో “రేపు సంతకెళ్ళాను” అంటే అది తెలివితక్కువ కాదు. ఆ సంగతి తెలియని ఒక మేష్టారి దగ్గర మాలో ఒకరు చిన్నప్పుడు ఇదే మాటకు దెబ్బలు తిన్నారు. ఇప్పుడు ఆకు ఉన్న రాయి మీద నిలబడి కాలితో తట్టి “నేడు”, ఒక అడుగు వెనక్కి వేసి “నిన్న”, మళ్ళీ ఆకు దగ్గరికి వచ్చి ఒక అడుగు ముందుకు వేసి “రేపు” అంటారు. గుండ్రంలో నిలబడ్డా అందరూ నడిచే వైపే చూస్తారు కాబట్టి వెనక, ముందు అన్నవి తారుమారు కావు. లోపలి వైపు ముఖం పెట్టి నిలబెట్టినప్పుడు ఇది కుదరలేదు. ఇక వెనక నుంచి ముందుకు, అంటే ఆది, శని, శుక్ర అని పాడించే ప్రయత్నం అయిదారేళ్ళ వాళ్ళతో చేయం. ఒక అడుగు వెనక్కి వేస్తే వాళ్ళకు అది చాలు.

ఆకుకు ఒక ఇబ్బంది ఉంది. బడి లేని రోజు దాన్ని ఎవరూ జరపరు. సోమవారం పొద్దున ఆకు ఇంకా శనివారం దగ్గరే ఎండిపోయి ఉంటుంది. మొదట మేమే తెచ్చి సోమవారం మీద పెట్టేవాళ్ళం. ఇప్పుడు పెట్టడం లేదు. “ఆకు నిద్రపోయింది, ఎన్ని రాళ్ళు దాటాలి?” అని అడిగితే పిల్లలు ఆదివారం రాయి మీద ఒకసారి ఆగి దాటిస్తారు. సంక్రాంతి సెలవుల తర్వాత మాత్రం లెక్క తేలలేదు. ఎన్ని చుట్లు తిరగాలని వాదన పెరిగి, చివరికి గోడ మీది క్యాలెండర్ దింపి చూడాల్సి వచ్చింది. క్యాలెండర్‌ను పిల్లలు తమంతట తాము అడిగిన మొదటి రోజు అదే.

కొండకు అవతల మాకు తెలిసిన టీచరమ్మ బడిలో ఈ పాట నేర్పడానికి వెళ్ళాం. పిల్లలు బుద్ధిగా పాడారు. ‘శుక్రా వారం సంతకు పోదాం’ దగ్గర ఒక్కడు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “శుక్రవారం సంత లేదు కదా మేష్టారూ. మాది మంగళవారం.” మిగతా పిల్లలందరికీ తెలుసు, కానీ మేష్టార్లు చెప్పారని పాడేశారు. ఆ క్షణంలో మాకు సిగ్గేసింది. మేము మా ఊరి వారాన్ని వాళ్ళ నెత్తిన పెట్టాం. ఎవరెవరి పండగలనో, పంటలనో మా చేత పాడించిన పుస్తకాల మీద మేము పడ్డ కోపం గుర్తొచ్చింది.

అక్కడే చెట్టు కింద కూర్చుని మార్చాం. సంత ఒక్కటే జరగదు, దానితో ముందు రోజు, తర్వాత రోజు కూడా జరుగుతాయి. మూడూ కలిపి ఎత్తి పెట్టాలి. వాళ్ళకు ‘సోమా వారం సంచులు తీద్దాం’, ‘మంగళ వారం సంతకు పోదాం’, ‘బుధ బుధ వారం తెచ్చిందేదీ?’ అయింది. సూదుల రోజుకు చోటు పోయింది. మిగిలిన ‘గురు గురు వారం’, ‘శుక్రా వారం’, ‘శని శని వారం’ పక్కన ఏం పెట్టాలని టీచరమ్మ పిల్లల్నే అడిగింది. ఒకటి “మళ్ళీ బడికే” అయింది. ఇంకోటి “కట్టెల మోపూ”. ఆ ఊళ్ళో శనివారం పెద్ద పిల్లలు అమ్మతో కట్టెలకు పోతారట. చిటికలు లెక్కపెడితే ఎనిమిది సరిగ్గా సరిపోయాయి. శుక్రవారానికి ఏమీ కుదరక రెండు చప్పట్లు ఖాళీగా వదిలేశారు. ఖాళీగానే బాగుంది. అందుకే ఎవరైనా పాట రాసిమ్మంటే ఎడమ సగం మాత్రమే రాసిస్తున్నాం, కుడి సగం గీతలు గీసి ఉంచుతున్నాం.

ఎడమ సగంలోనూ ఒక మార్పు వచ్చింది, అది మేము చేసింది కాదు. ఒకరోజు మధ్యాహ్నం మనవరాలిని తీసుకెళ్ళడానికి ఒక ముసలమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని పాటంతా వింది. అయిపోయాక అడిగింది: “గురు గురు అంటే ఎవరు బాబూ?”

“లక్ష్మివారమే అమ్మా. పుస్తకంలో గురువారం అని ఉంటుంది.”

“మరి మా ఇంట్లో లక్ష్మివారం అంటాం. పిల్ల ఇంటికొచ్చి గురు గురు అంటే పావురమనుకున్నాను.”

అందరం నవ్వాం. ఇంటికెళ్ళాక లెక్కేశాం. ‘లక్ష్మీ వారం’, సాగదీస్తే నాలుగు, నాలుగు. ఏ సవరణా లేకుండా తాళంలో కూర్చుంటోంది. తెలంగాణ నుంచి వచ్చిన ఒక స్నేహితుడు తమ వైపు బేస్తవారం అంటారని చెప్పాడు. ‘బేస్తా’ కూడా నాలుగే. ఇప్పుడు మా బడిలో ఆ వరసను రెండు గుంపులు పాడతాయి. లోపలి చుట్టు ‘గురు గురు వారం’ అంటుంది, బయటి చుట్టు ‘లక్ష్మీ వారం’ అని బదులిస్తుంది, తర్వాత అందరూ కలిసి సంచులు తీస్తారు. ఆ ఒక్క వరస మిగతావాటికంటే రెండు చప్పట్లు పొడుగైంది. తాళం తెలిసినవాళ్ళు తప్పంటారు. పిల్లలు ఒక్కసారీ తడబడలేదు.

ఈ ఏడు యూనిఫాం కొలతలు సోమవారం పడ్డాయి. శనివారం సాయంత్రం బడి వదిలేటప్పుడు మేము రోజు పేరు చెప్పి ఊరుకున్నాం, సంత మాట ఎత్తలేదు. సోమవారం ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్కరు వచ్చారు. రాని ఇద్దరిలో ఒకడికి జ్వరం. రెండోవాడు మాత్రం మంగళవారం వచ్చి, ఆకు సోమవారం రాయి దాటిపోయిందని చూసి, కాసేపు అక్కడే నిలబడి, దాన్ని ఒక రాయి వెనక్కి జరిపి పెట్టాడు.